అరిసెల వీడియో: ఏది కత్తిరించాలి, ఏది ఉంచాలి?

వంటింటి_కిటికీ

సంక్రాంతికి అరిసెల వీడియో తీశాను. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం పోస్తే 42 అరిసెలు వచ్చాయి. ఫోన్‌ను స్టాండుకు తగిలించి, గట్టు మీదికి నిటారుగా చూసేటట్టు టాప్ యాంగిల్‌లో పెట్టి, రెండు రోజుల్లో 2 గంటల 14 నిమిషాల ఫుటేజీ తీశాను. మొదట దాన్ని 23 నిమిషాలకు కుదించి పెడితే, పిండి తట్టే చోటికి వచ్చేసరికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత నూతిలో చేద జారినట్టు జారిపోయింది. రెండోసారి కోపం కొద్దీ 6 నిమిషాలకు కత్తిరించాను.

ఇప్పుడు వేరే తలనొప్పి మొదలైంది. ఒకరు "పాకం ఒక్క నిమిషంలో వచ్చేస్తుందా" అని అడిగారు, ఇంకొకరు బియ్యం నానబెట్టనక్కర లేదనుకుని అప్పటికప్పుడు కడిగి మర పట్టించారట. పళ్లెంలో మూడు అరిసెలు ఉన్నవి కన్ను మూసి తెరిచేలోగా ఇరవై అవుతున్నాయి. అన్నిటికంటే అసహ్యంగా ఉన్నదేమిటంటే, బియ్యం బేసిన్ మొదటి రోజుకూ రెండో రోజుకూ మధ్య గట్టు మీద బెత్తెడు పక్కకు దూకుతోంది. మళ్లీ మళ్లీ వచ్చే పనుల్లో ఏవి తీసేయాలో, కాలం గడిచిందని ఎలా చెప్పాలో, టాప్ యాంగిల్ కదలకుండా ఎలా చూసుకోవాలో తెలిసినవారు చెప్పండి.

నెల్లూరి_నిమ్మకాయ

మీ అరిసెల అంచులు చీలాయంటే పాకం ముదిరిందని అర్థం. ఉండ చేతికి మెత్తగా తగలగానే పొయ్యి కట్టేయాలి, ఆ తరువాత ఒక్క నిమిషం ఉంచినా మరునాటికి రాళ్లవుతాయి.

వంటింటి_కిటికీ

నిమ్మకాయ గారూ, అరిసెలు బాగానే వచ్చాయండీ, కనుమ దాటకముందే డబ్బా ఖాళీ అయింది. నేను అడుగుతున్నది వీడియో కత్తిరింపు గురించి.

పాలమూరు_పిల్లగాడు

ఇంత ఆలోచన అవసరం లేదక్కా. ఒకే పని మళ్లీ వచ్చిన ప్రతిచోటా ఎనిమిది రెట్ల వేగం పెట్టండి. కట్ చేసిన చోట జంప్ కనిపిస్తే, ఒక ముక్క మామూలుగా, తరువాతి ముక్క పది శాతం జూమ్ చేసి పెడితే ఎవరికీ తెలియదు. నా వీడియోలన్నీ అలాగే చేస్తాను.

కత్తెర_చేతులు

పిల్లగాడు గారు చెప్పిన జూమ్ పద్ధతి మనిషి కూర్చుని మాట్లాడే వీడియోకు సరిపోతుంది, ఎందుకంటే ముఖం కొంచెం దగ్గరకు వస్తే కెమెరా మారిందని చూసేవారు అనుకుంటారు. టాప్ యాంగిల్‌లో అదే పని చేస్తే బేసిన్ ఉబ్బినట్టు, మళ్లీ కుంచించుకున్నట్టు కనిపిస్తుంది. గట్టు అంచూ, పళ్లెం అంచూ గీత గీసినట్టు ఉండే దృశ్యంలో పది శాతం తేడాను కన్ను ఊరికే పట్టేస్తుంది.

నేను ఏడేళ్లు ఒక ఛానల్‌లో వంటల కార్యక్రమాలు ఎడిట్ చేశాను. మీ 42 అరిసెలకు నేనైతే ఇలా చేసేవాడిని. మొదటి అరిసెను ఉండ తీసుకోవడం దగ్గర నుంచి తట్టడం, నూనెలో వేయడం, పొంగి పైకి తేలడం, తిప్పడం, చెక్కల మధ్య నూనె ఒత్తడం వరకు ఎక్కడా కత్తి పెట్టకుండా ఉంచుతాను. అది ఒకటిన్నర నిమిషం పట్టినా ఉంచాల్సిందే, నేర్చుకునేవారికి చేతి వేగం అక్కడే తెలుస్తుంది. రెండో అరిసెలో తట్టడం మాత్రమే చూపిస్తాను. ఆ తరువాత నేరుగా పళ్లెం నిండిన దృశ్యానికి వెళతాను.

మూడు అరిసెలు ఇరవై అయిపోయాయని అనిపించడానికి కారణం మీరు మధ్యవి తీసేయడం కాదు. పళ్లెం ఒకే చోట, ఒకే కోణంలో ఉండగానే సంఖ్య మారడం. రెండింటి మధ్య నూనెలో మూడు అరిసెలు కలిసి వేగుతున్న దగ్గరి దృశ్యం నాలుగు సెకన్లు పెట్టండి. కన్ను మూకుడు మీదికి వెళ్లి తిరిగి పళ్లెం దగ్గరకు వచ్చేసరికి, అది నిండి ఉండటం సహజంగా తోస్తుంది.

అత్తగారి_ఛానల్

నేను దీనికి ఒప్పుకోను. మా అత్తగారు చేస్తారు, నేను తీస్తాను. మా వీడియోలు 35, 40 నిమిషాలు ఉంటాయి. అమెరికాలో ఉన్న కొత్త కోడళ్లు మా వీడియో పెట్టుకుని పక్కనే అరిసెలు తడతారు, వాళ్లకు కత్తిరింపు అడ్డమే. పైగా ఇరవయ్యో అరిసె మొదటి అరిసె లాంటిదే అనుకోవడం వంట తెలియనివారి మాట. చలిమిడి చల్లారుతున్న కొద్దీ బిగుసుకుంటుంది. మొదటి పది అరిసెలూ వేలి ఒత్తుకు సాగుతాయి, ఆ తరువాతవి అంచు పగులుతాయి. అప్పుడు మా అత్తగారు చేతికి నెయ్యి రాసుకుని ఉండను మళ్లీ మదాయిస్తారు. అది తీసేస్తే నేర్చుకునేవారు పదకొండో అరిసె దగ్గర ఏడుస్తారు.

కత్తెర_చేతులు

ఇది నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చున్నవాడికి నలభై రెండూ ఒకేలా కనిపిస్తాయి. అయితే మీరు చెప్పినదాన్ని బట్టి మధ్యవన్నీ ఉంచాలని తేలదు. పని మారిన చోటు ఒక్కటి ఉంచితే చాలు. కిటికీ గారూ, మీ ఫుటేజీలో చలిమిడి బిగుసుకున్న అరిసె ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే రెండో అరిసెను తీసేసి దాన్ని అక్కడ పెట్టండి.

వంటింటి_కిటికీ

ఉంది. పదిహేడో అరిసె. అంచు చీలితే వేలితో అతుకుతూ, విసుక్కుని ఉండను మళ్లీ కలిపాను. సిగ్గేసి దాన్ని ఆరు నిమిషాల వెర్షన్‌లో మొట్టమొదట తీసేసింది నేనే.

నెల్లూరి_నిమ్మకాయ

అంచులు చీలాయని నేను ముందే చెప్పాను కదా!

గోదారి_గట్టు

నాకు పాకం సంగతి చెప్పండి. నేను సున్నుండల వీడియోలు తీస్తాను కాబట్టి పాకం బాధ లేదు, కానీ పూతరేకులకు దిగుదామనుకుంటున్నాను. మా ఊరి దగ్గరే ఆత్రేయపురం ఉంది. అక్కడివారు కుండ మీద రేకు తీస్తుంటే అది రెండు క్షణాల పని, రోజంతా అదే పని. దాన్ని ఎన్నిసార్లు చూపించాలో నాకు ఇప్పటికీ తేలలేదు. కిటికీ గారి పాకం ఒక నిమిషంలో వచ్చినట్టు కనిపించడానికి కారణమేమిటి?

వంటింటి_కిటికీ

నా పాకానికి నిజంగా 14 నిమిషాలు పట్టింది. మొదట ఎనిమిది రెట్ల వేగం పెట్టాను. అలా కూడా 105 సెకన్లు వచ్చింది, గోధుమరంగు నురగ తప్ప ఏమీ లేదు. అందుకే తరువాతి వెర్షన్‌లో బెల్లం కరగడం, వెంటనే పళ్లెంలో నీళ్లలో వేసి ఉండ చూడడం, ఈ రెండే ఉంచాను.

కత్తెర_చేతులు

నీళ్లలో వేసి ఎన్నిసార్లు చూశారు?

వంటింటి_కిటికీ

మూడు సార్లు. మొదటిసారి చుక్క నీళ్లలో కరిగిపోయింది. రెండోసారి అడుగున నిలిచింది కానీ వేలితో కూడదీస్తే జారిపోయింది. మూడోసారి ఉండ అయింది. మొదటి రెండూ ఒకే పని మళ్లీ చేయడమే కదా అని తీసేశాను.

కత్తెర_చేతులు

తప్పు అక్కడ జరిగింది. చేతి కదలిక ఒకటే అయినా ఫలితం మూడుసార్లూ వేరు. తట్టడంలో చేయి మారకుండా ఫలితమూ మారకపోతే అది పునరావృతం, తీసేయవచ్చు. ఇక్కడ చూసేవారికి కావలసింది ఫలితంలోని తేడానే. ఆ మూడు పరీక్షలూ ఉంచండి, ఒక్కొక్కటి ఐదారు సెకన్లకు మించనక్కర లేదు. వాటి మధ్య గిన్నె దృశ్యం మూడు సెకన్ల చొప్పున రావాలి. మొదటిదాంట్లో నురగ పలుచగా, బుడగలు త్వరత్వరగా పగులుతూ ఉంటాయి. చివరిదాంట్లో బుడగ పెద్దదై, బద్ధకంగా లేచి పగులుతుంది. అంతా కలిపి అరనిమిషం లోపే. వేగం పెంచిన 105 సెకన్ల కంటే ఇందులో ఎక్కువ కాలం గడిచినట్టు తోస్తుంది, ఎందుకంటే చూసేవారు రెండుసార్లు ఇంకా కాలేదని విన్నారు.

ధ్వని కూడా చూసుకోండి. పాకం ఉడికే చప్పుడు కట్ దగ్గర టక్కున తెగితే, దృశ్యం ఎంత శుభ్రంగా కలిపినా అతుకు బయటపడుతుంది. ఎక్కడైనా మాటలు లేని అరనిమిషం చప్పుడు తీసుకుని, ఆ ముక్కలన్నిటి కిందా ఒకే పరుపులా పరచండి. వేగం పెంచిన ముక్కలో అసలు ధ్వనిని పూర్తిగా ఆపేయండి. అలా ఆపకపోతే గరిటె చప్పుడు కోడిపిల్లల అరుపులా వస్తుంది.

పాలమూరు_పిల్లగాడు

నా వీడియోల కింద కోడిపిల్లల గురించి ఎందుకు అడుగుతున్నారో ఇవాళ అర్థమైంది.

డాలస్_దోసె

బేసిన్ దూకడం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తాను. ఒక రాత్రికీ మరునాటి ఉదయానికీ మధ్య స్టాండు కదలకుండా ఉండే ఇల్లు నాకు తెలిసి లేదు. మా ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. అందుకని స్టాండు కాళ్లు నేల మీద ఎక్కడున్నాయో, బేసిన్ గట్టు మీద ఎక్కడుందో పెయింటింగ్ టేపు ముక్కలతో గుర్తు పెడతాను. స్టాండు చేయి ఎంత ఎత్తులో ఉందో ఆ గొట్టం మీదే టేపు చుట్టి గుర్తు పెట్టాలి, చాలామంది ఇది మరిచిపోతారు. మొదటి రోజు చివరి దృశ్యాన్ని ఇంకో ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టుకుని, గీతల గ్రిడ్ ఆన్ చేసి, బేసిన్ అంచు ఏ గీతను తాకుతోందో రెండింటిలోనూ పోల్చి చూస్తాను.

ఇంకొక తమాషా ఉంది. ఫోన్ నేలను చూస్తూ ఉన్నప్పుడు అడ్డమేదో నిలువేదో దానికి తెలియదు. ఒకసారి నా వీడియో సగం అడ్డంగా, సగం నిలువుగా వచ్చింది. ఇప్పుడు ఫోన్‌ను అడ్డంగా నిలబెట్టి రికార్డింగ్ మొదలుపెట్టి, ఆ తరువాతే కిందికి వంచుతాను. రికార్డింగ్ మధ్యలో అది మారదు.

మెరుపు గురించి కూడా ఒక మాట. నేను ఇక్కడ షట్టర్ 1/60 పెడతాను. పోయినేడాది గుంటూరులో అమ్మ వంట తీసినప్పుడు అదే ఉంచితే ట్యూబ్‌లైటు చారలు దృశ్యమంతా పాకాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/50 లేదా 1/100 పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

వంటింటి_కిటికీ

నాకు చారలు రాలేదు కానీ వెలుగు మారుతోంది. తెల్లటి పిండి చల్లగానే గట్టంతా నల్లబడుతుంది, పిండి జల్లెడ తీయగానే మళ్లీ తెల్లబడుతుంది. మాది నల్ల గ్రానైట్ గట్టు.

డాలస్_దోసె

ఫోన్ తనంతట తాను వెలుగు సర్దుకుంటోంది. పిండి ఉన్న పళ్లెం దృశ్యంలో పెట్టి, దాని మీద వేలితో నొక్కి పట్టుకోండి. ఐఫోన్‌లో AE/AF LOCK అని కనిపిస్తుంది, ఇతర ఫోన్లలో తాళం గుర్తు వస్తుంది. పిండి మీద వెలుగు సరిగా ఉంటే నల్ల గట్టు కొంచెం చీకటిగా ఉన్నా పరవాలేదు. గట్టు మీద లాక్ చేస్తే పిండి తెల్లటి మచ్చగా మిగిలిపోతుంది, అందులో ఏ వివరమూ కనిపించదు. మీ ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ కూడా ఒక అంకె దగ్గర కదలకుండా ఉంచండి. లేకపోతే బెల్లం గిన్నె దృశ్యంలోకి రాగానే పిండికి నీలి ఛాయ వస్తుంది.

పాలమూరు_పిల్లగాడు

తీసేసిన ఫుటేజీకి ఇప్పుడు టేపు అతికించలేం కదా. స్టెబిలైజర్ పెడితే బేసిన్ కదలదు.

కత్తెర_చేతులు

పెట్టవద్దు. స్టెబిలైజర్ దృశ్యంలో ఎక్కువ భాగం ఎటు కదులుతోందో చూసి దానికి వ్యతిరేకంగా లాగుతుంది. టాప్ యాంగిల్‌లో సగం చోటు చేతులే ఉంటాయి. చేయి కుడికి వెళితే గట్టు ఎడమకు ఈదుతుంది. పైగా మీ సమస్య వణుకు కాదు, రెండు ముక్కల మధ్య స్థానం తేడా.

తీసిన ఫుటేజీకి చేయగలిగింది ఇది. నానబోసిన బియ్యం ముక్క కింద, మరునాటి ముక్క పైన పెట్టండి. పై ముక్కకు Opacity 50 పెడితే రెండు బేసిన్లూ ఒకదాని మీద ఒకటి దయ్యాల్లా కనిపిస్తాయి. పైదాన్ని జరిపి, కొంచెం తిప్పి, కావలసినంత పెద్దది చేసి అంచులు కలపండి. కంటికి అనుమానంగా ఉంటే పై ముక్క Composite Mode ను Difference కు మార్చండి. కలిసిన చోటల్లా నల్లగా అయిపోతుంది, కలవని అంచు వెలుగు గీతలా మిగులుతుంది. ఆ గీత సన్నబడేదాకా జరిపి, మళ్లీ మామూలు స్థితికి తెచ్చి, ఒక సెకను డిజాల్వ్ పెట్టండి. బేసిన్ కదలకుండా బియ్యం మాత్రమే ఉబ్బినట్టు కనిపిస్తే కాలం గడిచిందని ఎవరికీ చెప్పనక్కర లేదు. మీరు 4K లో తీసి 1080 లో పెడుతున్నట్టయితే జరిపినందుకు నాణ్యత పోదు.

అత్తగారి_ఛానల్

ఎవరికీ చెప్పనక్కర లేదంటే కుదరదు. బియ్యం ఉబ్బడం చూసి గంటా, రోజా ఎవరికి తెలుస్తుంది? ఒకరు నానబెట్టకుండానే మర పట్టించారని పై టపాలోనే ఉంది. దృశ్యం మీద "24 గంటలు నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి" అని రాయండి. అది కూడా రెండు సెకన్లు వచ్చి మాయమైతే చాలదు, మా అత్తగారు కళ్లజోడు వెతుక్కునేంత సేపు ఉండాలి.

కత్తెర_చేతులు

రాయమనే నా అభిప్రాయం కూడా. డిజాల్వ్ గడిచిందని చెబుతుంది, ఎంత గడిచిందో చెప్పదు.

వంటింటి_కిటికీ

రెండు రాత్రులు కూర్చున్నాను. ఇప్పుడు 9 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. మొదటి అరిసె పూర్తిగా ఉంది, పదిహేడోది ఉంది, పాకం మూడు పరీక్షలూ ఉన్నాయి. పళ్లెం మధ్యలో మూకుడు దగ్గరి దృశ్యం పెట్టగానే ఇరవై అరిసెల గోల పోయింది.

బేసిన్ మాత్రం లొంగడం లేదు. Difference లో బేసిన్ అంచు నల్లబడేదాకా కలిపితే వెనక గట్టు అంచు తెల్లగా మిగులుతోంది. గట్టు కలిపితే బేసిన్ పోతోంది. రెండూ ఒకేసారి కలవడం లేదు.

డాలస్_దోసె

రెండో రోజు స్టాండు ఎత్తు మారింది. బేసిన్ అంచు కెమెరాకు దగ్గరగా, గట్టు దూరంగా ఉంటాయి కాబట్టి ఎత్తు మారితే రెండూ వేరువేరు పాళ్లలో పెరుగుతాయి. పెద్దది చేయడం, చిన్నది చేయడం అన్నిటినీ ఒకే పాళ్లలో మారుస్తుంది. అందుకే గొట్టానికి టేపు చుట్టమన్నాను.

కత్తెర_చేతులు

ఆయన చెప్పింది నిజం, అది ఎడిటింగ్‌లో తీరే జబ్బు కాదు. ఆ ముక్కలకు డిజాల్వ్ వదిలేయండి. మొదటి బేసిన్ తరువాత, నానిన బియ్యపు గింజను గోళ్ల మధ్య నలిపి చూపే దగ్గరి దృశ్యం ఏదైనా ఉంటే అది పెట్టి, దాని మీద 24 గంటల మాట రాసి, ఆ తరువాత రెండో రోజు బేసిన్ తీసుకురండి. మధ్యలో వేరే దృశ్యం ఉంటే బేసిన్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

గోదారి_గట్టు

మొదటి రోజు దీపం వెలుగు, రెండో రోజు ఉదయపు ఎండ అని గమనించాను. ఆ రంగు తేడా తీసేయాలంటారా? నాకైతే రాత్రి గడిచిందనడానికి అదే సాక్ష్యం అనిపించింది.

కత్తెర_చేతులు

కిటికీలోంచి ఎండ పడుతున్న ఇల్లు ఒకసారి చూపిస్తే ఆ తేడా ఉండవచ్చు. చూపకపోతే కెమెరా చెడిందనుకుంటారు.

అత్తగారి_ఛానల్

నా ఉద్దేశంలో ఆ తేడా ఏమీ సర్దనక్కర లేదు. వంట రెండు రోజులు పడుతుందని తెలియడమే మంచిది.

వంటింటి_కిటికీ

గింజ నలిపే దృశ్యం నా దగ్గర లేదు. రేపు అరకప్పు బియ్యం నానబెట్టి, ఎల్లుండి ఆ ఐదు సెకన్లు తీద్దామనుకుంటున్నాను. ఆ రోజు వేసుకున్న ఎర్ర మట్టిగాజులు భోగినాడే రెండు పగిలాయి, మిగిలిన నాలుగు వేసుకుంటే ఎవరైనా లెక్కపెడతారా?

డాలస్_దోసె

దృశ్యంలోకి గోళ్లు, గింజ మాత్రమే వచ్చేటట్టు దగ్గరగా తీయండి, గాజుల దాకా వెళ్లనవసరం లేదు.

నెల్లూరి_నిమ్మకాయ

ఆ అరకప్పు బియ్యాన్ని వృథా చేయకండి. పాకం మాత్రం ముదరనివ్వకండి.